గుంత తవ్వేముందు ఒక్కరోజు ఆగండి

వాయవ్య మూల, గోడకు మూడడుగుల దూరంలో మేస్త్రీ గడ్డపారతో మోకాలి లోతు గుంత తీశాడు. పక్కనున్న డ్రమ్ములోంచి బకెట్ నిండా నీళ్లు ముంచి అందులో కుమ్మరించాడు. మేమంతా చుట్టూ నిలబడి చూస్తున్నాం. బుడబుడమని నాలుగు బుడగలొచ్చాయి. అయిదు నిమిషాలు తిరిగేసరికి అడుగు మట్టి కనపడింది. "చూశారా సార్, ఎట్ల తాగిందో! పది రింగులు దించుదాం. ఇరవై ఏళ్లు మళ్లీ చూసే పనే ఉండదు" అన్నాడు. మా బావ ముఖం వెలిగింది.

హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే రోడ్డులో, భువనగిరి దాటాక ఓ లేఅవుట్‌లో మా బావ కొన్న 300 గజాల ప్లాటు అది. నడివేసవి. నేల మీద వేలు పట్టేంత పగుళ్లున్నాయి. మురుగునీటి పైపులైను అక్కడికి రాలేదు. అందుకని ఇంటికో సెప్టిక్ ట్యాంకు, దాని పక్కన నీరు ఇంకిపోవడానికి ఓ గుంత. ఊళ్ల అంచున లేస్తున్న కాలనీలన్నిటిలోనూ ఇదే పద్ధతి. వానలు మొదలవగానే ఆ కాలనీల్లో వినపడే మాట కూడా ఒకటే: "గుంత నిండిపోయింది, ట్యాంకరు వాడికి ఫోన్ చెయ్యండి."

ఆ రోజు మాతో ఓ విశ్రాంత పారిశుద్ధ్య ఇంజినీరు కూడా ఉన్నారు. బావకు పాత పరిచయం. అంతా అయ్యేదాకా ఆయనేమీ మాట్లాడలేదు. తరవాత ఒక్క మాటే అన్నారు. "ఇదే గుంతలో ఇవాళంతా నీళ్లు నిలపండి. రేపు ఇదే వేళకి మళ్లీ పోసి చూద్దాం."

మొదటి బకెట్ ఎందుకు నమ్మకూడదు?

ఎండిన నేల దాహంతో ఉంటుంది. పగుళ్లలోకి, మట్టి రేణువుల మధ్య ఖాళీల్లోకి నీరు పరుగెత్తుతుంది. అది ఇంకడం కాదు, నింపుకోవడం. ఈ మూలలో ఉన్నలాంటి నల్లమట్టిలో ఇంకో సంగతి కూడా ఉంది. తడిసిన కొద్దీ ఆ బంకమట్టి ఉబ్బుతుంది, పగుళ్లు మూసుకుపోతాయి, నీటికి దారి ఉండదు. మేలో అయిదు నిమిషాల్లో బకెట్ తాగిన నేలే ఆగస్టులో చెంబెడు నీళ్లు తాగనంటుంది. ఇంట్లో నీళ్లు వాడేది పన్నెండు నెలలూ కాబట్టి మనకు కావలసింది ఆగస్టు లెక్క.

మర్నాడు పొద్దున వెళ్లేసరికి గుంతలో ఇంకా జానెడు నీళ్లు నిలిచే ఉన్నాయి. ఆ మట్టం సరిచేసి, పైన అడ్డంగా పెట్టిన కర్ర నుంచి టేపుతో కొలిచాం. అరగంటలో నీరు దిగింది 9 మిల్లీమీటర్లు.

లెక్క తేలికే. నీరు 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో అదే ఆ నేల ఇంకుడు రేటు. 30 నిమిషాల్లో 9 దిగితే 25 దిగడానికి 83 నిమిషాలు. మన దేశంలో సెప్టిక్ ట్యాంకు నీటిని వదిలించుకునే పద్ధతులకు ప్రామాణికం ఐఎస్ 2470 రెండో భాగం, 1985లో సవరించింది. దాని ప్రకారం ఇంకుడు గుంత పెట్టాలంటే ఈ రేటు 30 నిమిషాలు దాటకూడదు. 30 నుంచి 60 మధ్య ఉంటే గుంత వద్దు, నీటిని పొడవాటి కంకర కాలవల్లో పరచాలి. 60 దాటిన నేలలోకి నీటిని పంపే ఆలోచనే మానుకుని, వడపోత కట్టుకోవాలి.

మేస్త్రీ నిన్న "ఎట్ల తాగిందో" అని మెచ్చుకున్న చోటు పరీక్షలో పూర్తిగా తప్పింది. ఆయన్ని తప్పుపట్టడానికేం లేదు. ఒక్క బకెట్‌తో తేల్చడమే అందరూ చేస్తున్న పని.

ఆ నల్లమట్టి ఎక్కడిది?

చుట్టుపక్కలంతా ఎర్ర నేల. ఈ మూలే నల్లగా ఎందుకుంది? పలుగుతో ఇంకాస్త తీస్తే మూడడుగుల లోతున పాత నేల బయటపడింది. దాని మీద ఎండిన గడ్డి వేళ్లు, ఓ ప్లాస్టిక్ సంచి ముక్క. పైనున్నది తెచ్చిపోసిన మట్టి. లేఅవుట్ వేసినవాళ్లు పల్లాన్ని పూడ్చడానికి ఎక్కడిదో చెరువు మట్టి తోలించారన్నమాట. ఇలా పోసిన మట్టిలో చేసిన పరీక్షకు విలువ లేదు. రోలరు ఎక్కితే ఒకలా, ఎక్కకపోతే ఇంకోలా, నాలుగు వానలకు కుదించుకున్నాక మరోలా ఉంటుంది. అందుకే నీళ్ల పరీక్ష కంటే ముందు జరగాల్సింది మట్టిని చూడటం.

ఇంజినీరుగారు జేసీబీ పిలిపించి ఆగ్నేయం వైపు 14 అడుగుల లోతు తీయించారు. లోపలికి ఎవరినీ దిగనివ్వలేదు. ఛాతీ లోతు దాటిన గుంత గోడ ఎప్పుడైనా విరుచుకుపడొచ్చు. బకెట్ పైకొచ్చిన ప్రతిసారీ మట్టిని వరసగా కుప్పలు పోయించి, ఒక్కో కుప్ప దగ్గరా కూర్చున్నారు. గుప్పెడు మట్టి తీసుకుని, నీళ్లు చిలకరించి, చపాతీ పిండిలా పిసికారు. బొటనవేలితో చూపుడువేలి మీదుగా నొక్కుతూ రిబ్బనులా ముందుకు తోశారు. పైన రెండడుగుల ఎర్రమట్టి రిబ్బను అంగుళం రాకముందే తెగిపోయింది. దాని కింద మొరం. గరగరలాడుతూ అసలు రిబ్బనే కాలేదు. వాయవ్య మూల నల్లమట్టిని అలాగే నొక్కితే రెండంగుళాలు దాటినా తెగకుండా వేలాడింది. రిబ్బను ఎంత పొడుగు సాగితే అంత బంక ఉన్నట్టు.

తరవాత ఆయన రంగు చూశారు. మట్టిలో బూడిదరంగు మరకలు, వాటి మధ్య తుప్పులాంటి నారింజ చారలు కనిపిస్తే ఏడాదిలో కొన్నాళ్లు అక్కడిదాకా నీరు నిలుస్తోందని అర్థం. గాలి ఆడక మట్టిలోని ఇనుము రంగు మారిన గుర్తు అది. మండు వేసవిలో గుంత పొడిగా ఉన్నా వానాకాలపు నీటిమట్టం ఎంత పైకి వస్తుందో ఆ మరకలు చెప్పేస్తాయి. ఈ గుంతలో 14 అడుగుల దాకా ఒకే ఎరుపు.

అదొక్కటీ చాలదని లేఅవుట్ పక్క చేనులోని రైతు దగ్గరికి వెళ్లాం. చేలో పాత బావి ఉంది. "పెద్దాయనా, వానలు బాగా పడిన ఏడు ఈ బావిలో నీళ్లు ఎందాక వస్తాయి?" అని అడిగాడు బావ. "కార్తీకంల గూడ ఇర్వై అయిదు ఫీట్ల కిందనే ఉంటుండె బిడ్డా. ఇప్పుడు బోర్లు పడ్డంక అదీ లేదు" అన్నాడాయన. గుంత అడుగుకూ భూగర్భ జలం పైమట్టానికీ నడుమ కనీసం 2 మీటర్ల పొడి మట్టి ఉండేట్టు చూసుకోవాలి. మురుగు నీటిలోని క్రిములు చచ్చేది, వడకట్టబడేది ఆ పొడి మట్టిలోనే. కోనసీమలోనో కృష్ణా డెల్టాలోనో ఇదే ప్రశ్న అడిగితే, చాలా చోట్ల వానాకాలంలో నీళ్లు నాలుగైదు అడుగుల్లోనే ఉంటాయని చెబుతారు. అక్కడ ఇసుక నేల నీటిని ఎంత చకచకా పీల్చినా సరే, లోతు గుంత తవ్వితే మురుగును నేరుగా భూగర్భ జలంలో కలిపినట్టే. ప్రామాణికం కూడా నీటిమట్టం 1.8 మీటర్ల లోపు ఉంటే గుంత వద్దంటుంది. నేల మీద దిబ్బ పోసి, అందులో కంకర కాలవలు వేసుకోమంటుంది.

■ పరీక్ష మీరే చేయాలంటే

నీరు ఏ లోతులో ఇంకాలో ఆ లోతులోనే పరీక్ష చేయాలి. ముందు మనిషి కూర్చునేంత వెడల్పు గుంత తీసి, దాని అడుగున అడుగు వెడల్పు, అడుగుంపావు లోతు చిన్న గుంత నిటారుగా తీయండి. పలుగు, పార తగిలిన చోట మట్టి నున్నగా మెత్తినట్టవుతుంది. నీళ్లు దిగకుండా అదే అడ్డుపడుతుంది కాబట్టి మేకుతో గోడల్ని, అడుగునూ గీకి, రాలిన మట్టి తీసేయండి. నీళ్లు పోసేటప్పుడు అడుగు చెదరకుండా రెండంగుళాల సన్న కంకర పరచండి. కంకర పైన అడుగు ఎత్తున నీళ్లు నింపి 24 గంటలు వదిలేయండి. మర్నాడు నీళ్లు మిగిలి ఉంటే మట్టాన్ని కంకర పైన 15 సెంటీమీటర్లకు తెచ్చి, అరగంటలో ఎంత దిగిందో కొలవండి. గుంత ఎండిపోయి ఉంటే 15 సెంటీమీటర్లు పోసి, అరగంటకోసారి కొలుస్తూ, మళ్లీ నింపుతూ నాలుగు గంటలు చేయండి. చివరి అరగంట కొలతే లెక్కకు తీసుకోవాలి. ఇసుక నేలలో ఆ నీరు అరగంట కూడా నిలవకపోతే పది నిమిషాలకోసారి కొలుస్తూ గంటసేపు చేస్తే చాలు, చివరి పది నిమిషాలది తీసుకోండి.

48 దగ్గర నిలిచింది

ఆగ్నేయంలో పరీక్ష గుంతను అయిదడుగుల లోతున, మొరం పొరలో తీశాం. రాత్రంతా నానబెట్టినా పొద్దున్నకి చుక్క లేదు. ఇక నాలుగు గంటల పరీక్షే. బావ గొడుగు పట్టుకున్నాడు, నేను టేపు పట్టుకుని నోట్‌బుక్‌లో రాశాను. మొదటి అరగంట 71 మిల్లీమీటర్లు. తరవాత 63, 57, 53, 50, 49, 48. ఎనిమిదోసారీ 48. అంకె ఇలా దిగుతూ దిగుతూ ఓ చోట నిలబడాలి. నిలబడిందంటే నేల తన అసలు వేగానికి వచ్చినట్టు. మొదటి అంకెనే పట్టుకుని ఇంటికొచ్చేసి ఉంటే, మేమూ మేస్త్రీ చేసిన పొరపాటే ఇంకాస్త పద్ధతిగా చేసేవాళ్లం.

అరగంటకు 48 అంటే 25 మిల్లీమీటర్లకు దాదాపు 16 నిమిషాలు. 30 లోపే ఉంది, గుంతకు పనికొస్తుంది. ఎంత గుంత? ప్రామాణికం ఇచ్చే సూత్రం ఇది: 204ను ఇంకుడు రేటు వర్గమూలంతో భాగిస్తే, చదరపు మీటరు మట్టి గోడ రోజుకు ఎన్ని లీటర్లు తీసుకోగలదో వస్తుంది. 16కు వర్గమూలం 4. 204ను 4తో భాగిస్తే 51 లీటర్లు. ఇంట్లో అయిదుగురు, మనిషికి రోజుకు 100 లీటర్ల లెక్కన 500 లీటర్లు. కాబట్టి 9.8 చదరపు మీటర్ల గోడ కావాలి. ఆరడుగుల వెడల్పు గుండ్రటి గుంతలో, పైపు లోపలికొచ్చే చోటు నుంచి కిందికి 1.7 మీటర్ల లోతుంటే అంత గోడ వస్తుంది. పైపు నేలకు 60 సెంటీమీటర్ల కింద ఉంటుంది కనుక గుంత మొత్తం లోతు 2.3 మీటర్లు, ఏడున్నర అడుగులు. అడుగు వైశాల్యాన్ని లెక్కలో కలపకూడదు. ఏడాది తిరిగేసరికి అక్కడ మడ్డి పేరుకుంటుంది.

ఇక్కడ బావకు ఓ సందేహం వచ్చింది. "సార్, మనం కొలిచిన లెక్కన రోజుకు రెండు మీటర్లకు పైగా నీరు దిగాలి కదా. చదరపు మీటరుకు రెండువేల లీటర్లు. మీరు 51 అంటున్నారేంటి?" మంచి ప్రశ్నే. మేం పోసింది మంచినీళ్లు. గుంతలోకి వచ్చేది సెప్టిక్ ట్యాంకు దాటిన నీరు. చూడటానికి తేటగానే ఉన్నా అందులో కొవ్వు, సన్నటి మలినం, కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. కొన్ని నెలల్లోనే గోడ మట్టి మీద నల్లటి జిగురు పొర కడుతుంది. ఆ పైన నీరు ఎంత వేగంగా ఇంకాలో నిర్ణయించేది ఆ పొరే. పరీక్షలో వచ్చిన వేగంలో దాదాపు నలభై అయిదో వంతుకే గుంత కట్టమనడం అందుకే. ఈ ఒక్క సంగతి తెలియక, "నీళ్లు బాగా ఇంకుతున్నాయి కదా" అని మూడడుగుల రింగులు నాలుగు దించి మూసేసిన గుంతలు, పొర కట్టగానే పొంగుతాయి. నేల చెడిపోలేదు, గోడ చాలలేదు.

■ ఎక్కడిదీ పరీక్ష?

నేలలో గుంత తీసి నీరు దిగే వేగంతో మురుగు గుంత కొలత నిర్ణయించే పద్ధతిని 1920ల్లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో హెన్రీ రయాన్ అనే ఇంజినీరు రూపొందించాడు. వాడుకలో ఉన్న గుంతల దగ్గరికి వెళ్లి, బాగా పనిచేస్తున్నవీ పొంగుతున్నవీ చూసి, వాటి పక్క నేలలో నీరు దిగే వేగంతో పోల్చాడు. నేటి సూత్రాలకు మూలం అదే.

అసలు చిక్కు: పక్కవాళ్ల బోరు

నేల బాగుంది, లెక్క కుదిరింది. అయినా పని అయిపోలేదు. ఇంజినీరుగారు కాగితం మీద ప్లాటు గీసి, పక్క ప్లాట్లు కూడా గీయమన్నారు.

మన దగ్గర వాస్తు ప్రకారం బోరు ఈశాన్యంలో వేస్తారు, సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో పెడతారు. ఒక్క ప్లాటు గీసి చూస్తే రెండూ చెరో మూలన, దూరంగానే కనిపిస్తాయి. పక్క ప్లాటు కూడా గీయండి. మన వాయవ్యానికి ఆనుకుని ఉండేది పడమటి ఇంటివాళ్ల ఈశాన్యం. అంటే వాళ్ల బోరు! అలాగే మన బోరు పక్కనే తూర్పు ఇంటివాళ్ల గుంత. వాస్తు తు.చ. తప్పకుండా పాటించిన వరసలో ప్రతి ఇంటి మురుగు గుంతా పక్కింటి బోరును ఆనుకునే ఉంటుంది. మేస్త్రీ ఆ మొదటి రోజు గుంత తీసింది సరిగ్గా అక్కడే. గోడ అవతల పడమటి ఇంటి బోరు మోటారు కనపడుతూనే ఉంది. మేమెవరం దాని వంక చూడలేదు.

తాగునీటి వనరుకూ గుంతకూ మధ్య 18 మీటర్లు, అంటే దాదాపు 60 అడుగులు ఉండాలన్నది ప్రామాణికం. ఇంటి గోడకు 6 మీటర్లు, 20 అడుగులు. బోరుకు కేసింగు ఉంటుంది కదా అనుకోవచ్చు. మన రాతి నేలల్లో కేసింగు గట్టి రాయి తగిలేదాకే. దాని కింద బోరుకు నీరిచ్చేవి రాతి పగుళ్లు, మురుగు చేరడానికీ అవే దారులు. క్రిముల్ని మరిగించి చంపొచ్చు. మురుగు నుంచి నీటిలో చేరే నైట్రేటు మరిగించినా పోదు. తాగునీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదు. మించితే పసిపిల్లల రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది.

ఇక అంకెలు చూడండి. 60 అడుగులు బై 45 అడుగుల ప్లాట్లు, పక్కపక్కన, వెనకా ముందూ. ఒక్కోదాని ఈశాన్యంలో ఒక బోరు. నాలుగు బోర్లకూ సమాన దూరంలో ఉన్న చోటే వాటన్నిటికీ అత్యంత దూరం. ఆ దూరం ముప్పైఏడున్నర అడుగులు, పదకొండున్నర మీటర్ల లోపే. మధ్యలో ముప్పై అడుగుల రోడ్డొకటి వచ్చినా పదిహేనున్నర మీటర్లు దాటదు. ఇంటింటా బోరున్న 300 గజాల లేఅవుట్లో 18 మీటర్ల నియమానికి లోబడే చోటు ప్లాటులో ఒక్క అడుగు కూడా లేదు. నేల ఎంత మంచిదైనా ఈ లెక్క మారదు. 200 గజాలు, 150 గజాల ప్లాట్ల మాట చెప్పనే అక్కర్లేదు.

మా బావది మూల ప్లాటు కావడం అదృష్టం. తూర్పున, దక్షిణాన రోడ్లు. దక్షిణపు రోడ్డు అవతల పార్కు స్థలం. ఆగ్నేయ మూల నుంచి పడమటి ఇంటి బోరు 21 మీటర్లు, ఉత్తరం ఇంటి బోరు 25 మీటర్లు వచ్చింది. అడ్డం వచ్చింది తను వేయించుకోవాలనుకున్న సొంత బోరే. అది పదకొండు మీటర్లలో పడుతుంది. రెండు రోజులు ఆలోచించి బోరు మానుకున్నాడు. లేఅవుట్ ట్యాంకు నుంచి కనెక్షన్ తీసుకున్నాడు. గుంతకు 20 అడుగుల దూరం ఉండాలి కనుక ఇంటిని పడమరకు జరిపి, తూర్పున ఆ మేరకు చోటు వదిలాడు. కారు గుంత మీదికి రాకుండా ఉత్తరం వైపు పెట్టుకున్నాడు. ఆగ్నేయంలో గుంతేమిటని వాళ్లమ్మగారు బాధపడ్డారు. "అత్తయ్యా, పక్కింట్లో చంటిపిల్ల ఉంది, వాళ్లు తాగేది ఆ బోరు నీళ్లే" అని మా అక్క చెప్పాక ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కట్టాక కూడా

గుంత గోడకు సిమెంటు పూయకూడదు. పైపు మట్టం దాకా ఇటుకల్ని సందులు వదిలి పేర్చాలి. ఇటుకకూ మట్టికీ మధ్య మూడంగుళాల కంకర నింపాలి. పైపు పైభాగం మాత్రం సిమెంటుతో కట్టాలి. ఇంటి మీద పడే వాననీటిని ఈ గుంతలోకి మళ్లించకూడదు. వాననీటి ఇంకుడు గుంత వేరు, ఇది వేరు. సెప్టిక్ ట్యాంకులో మడ్డిని రెండు మూడేళ్లకోసారి తీయించాలి. నిర్లక్ష్యం చేస్తే ఆ మడ్డి పొంగి గుంతలోకి వచ్చి గోడను మూసేస్తుంది. అప్పుడు ఎవరో ఒకరిని లోపలికి దించాలన్న ఆలోచన వస్తుంది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అయినా విషవాయువుతో చనిపోయినవారి వార్తలు ఆగలేదు. ఆ పని యంత్రానిదే, మనిషిది కాదు.

ప్లాటు కొనబోతున్నవారికి ఒక్క విన్నపం. గజం ధర అడిగే ముందు, ఆ లేఅవుట్‌కు మురుగు లైను, శుద్ధి కేంద్రం ఉన్నాయా అని అడగండి. లేవంటే, చుట్టుపక్కల బోర్లన్నీ కాగితం మీద గుర్తుపెట్టి, టేపు పట్టుకుని 60 అడుగులు కొలవండి. చోటు దొరికితే అక్కడ ఓ గుంత తీసి, నీళ్లు నింపి, ఒక్కరోజు ఆగి మళ్లీ కొలవండి. చోటు దొరక్కపోతే ఆ ప్లాటు కొనకండి.